తెలుగు, హిందీ వాళ్లున్న ఆఫీసు గ్రూపుకు ఉగాది శుభాకాంక్షలు ఎలా రాయాలి

ప్రశ్న: రేణిగుంట దగ్గర ఒక ఫ్యాక్టరీలో హెచ్.ఆర్. విభాగంలో పనిచేస్తున్నాను. మా వాట్సాప్ గ్రూపులో తెలుగువాళ్లూ ఉన్నారు, బీహార్, జార్ఖండ్, యూపీ నుంచి వచ్చిన హిందీవాళ్లూ ఉన్నారు. 2026 మార్చి 19న ఉగాదికి మేనేజ్‌మెంట్ తరఫున రెండు భాషలూ కలిపి ఒకే మెసేజ్ పెట్టమన్నారు. నేను ఇలా రాశాను: “ఆప్ సబ్ కో శ్రీ పరాభవ నామ సంవత్సర్ ఉగాది కా హార్దిక్ శుభాకాంక్షాయేఁ. భగవాన్ ఆప్ కో ఆయురారోగ్య, ఐశ్వర్య, సంతోష్ దేనా చాహ్‌తే హైఁ. మీ అభిమాన్ హమేషా ఐసే హీ రహనా.” ఇది సరిపోతుందా? పెద్దవాళ్లు చూస్తారు, తప్పు పోకూడదు.

సమాధానం:

తిరుపతిలోని ఒక కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో హిందీ విభాగంలో చాలా ఏళ్లు అనువాదకుడిగా పనిచేశాను. పండుగ శుభాకాంక్షలు, నోటీసులు, గేటు దగ్గర కట్టే బ్యానర్లు రెండు భాషల్లోనూ రాయడం నా రోజువారీ పనిలో భాగంగా ఉండేది. ఆ అనుభవంతో చెబుతున్నాను: దీన్ని ఇలాగే పంపవద్దు. మీ ఉద్దేశం మంచిదే. అయితే రెండు భాషలను ఒకే వాక్యంలో కలిపినందువల్ల ఆ వాక్యం తెలుగువారికీ పూర్తిగా అందదు, హిందీవారికీ పూర్తిగా అందదు. పైగా అందులోని రెండు మూడు మాటలు హిందీ చదివేవారికి మీరు అనుకున్న అర్థానికి పూర్తిగా విరుద్ధమైన అర్థాన్ని ఇస్తాయి.

షాపు ఫ్లోర్‌లో మనవాళ్లూ వాళ్లూ సగం తెలుగు, సగం హిందీ కలిపి మాట్లాడుకుంటారు. మనిషి ఎదురుగా ఉంటాడు, అర్థం కాకపోతే మళ్లీ అడుగుతాడు, కనుక అక్కడ అది చక్కగా నడుస్తుంది. యాజమాన్యం తరఫున వచ్చే రాత వేరు. చదివేవాడు ఒంటరిగా ఫోనులో చదువుతాడు, తనకు తెలియని మాటను దాటేస్తాడు, తెలిసినట్టు కనిపించే మాటకు తన భాషలోని అర్థమే చెప్పుకుంటాడు. తెలుగు, హిందీ రెండూ సంస్కృతం నుంచి వేలాది మాటలు తెచ్చుకున్నాయి గాని, ఆ మాటలు రెండు చోట్లా ఒకే అర్థంతో నిలవలేదు. శుభాకాంక్షల భాష దాదాపు అంతా సంస్కృత పదాలతోనే నడుస్తుంది గనుక ప్రమాదం ఎక్కువగా అక్కడే ఉంటుంది.

అందుచేత నా సలహా ఇది. ఒకే మెసేజ్‌లో రెండు భాగాలు పెట్టండి. తెలుగు భాగం తెలుగువారి కోసం తెలుగులో పుట్టాలి, హిందీ భాగం హిందీవారి కోసం హిందీలో పుట్టాలి. ఒకదానికి మరొకటి మక్కికి మక్కి అనువాదం కానక్కరలేదు. కలపడం అనేది ఒక్క చోట చేయండి: అవతలి భాషలోని శుభాకాంక్షను ఒకే ఒక్క మాటగా, చదివేవారి సొంత లిపిలో, వాళ్లు పైకి పలికేలా ఇవ్వండి. అది ఎలాగో చివర నమూనాలో చూపిస్తాను. ముందు మీ ముసాయిదాలో ఉన్న చిక్కులు చెబుతాను, ఎందుకంటే ఇవే తప్పులు ప్రతి ఏడాదీ ఎక్కడో ఒకచోట కనిపిస్తూనే ఉంటాయి.

అన్నిటికంటే పెద్ద చిక్కు సంవత్సరం పేరుతోనే ఉంది. పరాభవం అంటే తెలుగులోనూ ఓటమి, అవమానం అనే అర్థమే. అయినా మనకు అరవై సంవత్సరాల పేర్లు చిన్నప్పటినుంచీ వినికిడిలో ఉంటాయి. “శ్రీ పరాభవ నామ సంవత్సర” అని చదవగానే అది ప్రభవ, విభవ వరుసలో నలభయ్యో పేరు అని మనసు సర్దుకుంటుంది, మాట అర్థం మీదికి దృష్టి పోదు. బీహార్ నుంచి వచ్చిన యువకుడికి ఆ అలవాటు ఉండదు. ఉత్తరాదిలో ఇళ్లలో సంవత్సరాన్ని పేరుతో కాక అంకెతో చెప్పుకుంటారు. మార్చి 19న వాళ్లకు మొదలయ్యేది విక్రమ సంవత్ 2083. అతనికి “పరాభవ్” అంటే హిందీ వార్తల్లో, పాఠ్యపుస్తకాల్లో చదివిన ఓటమి మాత్రమే. పండుగ పూట పొద్దున్నే యాజమాన్యం నుంచి “పరాభవ్ కీ శుభకామనాఏఁ” అని వస్తే, ఓడిపొమ్మని దీవించినట్టు చదువుకుంటాడు.

దీనికి ఇంకొక కారణం కూడా ఉంది. ఉత్తరాది పంచాంగాల్లో ఈ ఏడాదికి ఉన్న పేరు పరాభవ కాదు, వేరే పేరు. అరవై పేర్ల చక్రం బృహస్పతి గమనం మీద ఏర్పడింది. బృహస్పతి ఒక రాశిలో సగటున 361 రోజులు ఉంటాడు, సౌర సంవత్సరం 365 రోజులకు పైగా ఉంటుంది. ఏడాదికి నాలుగు రోజుల చొప్పున తేడా పేరుకుంటూ వచ్చి, సుమారు ఎనభై అయిదేళ్లకు ఒక పేరు దాటవలసి వస్తుంది. ఉత్తరాదివారు ఆ లెక్క ప్రకారం పేరును దాటుతూ వచ్చారు. దక్షిణాదిలో దాటడం మానేసి, ఏడాదికి ఒక పేరు చొప్పున వరుసగా చెప్పుకుంటున్నాం. అందువల్ల రెండు వైపులా ఇప్పుడు పేర్లు కలవవు. ఇవన్నీ గ్రూపులో వివరించనక్కరలేదు. మీరు చేయవలసిందల్లా సంవత్సరం పేరును తెలుగు భాగంలో ఉంచి, హిందీ భాగంలో దాని చోట “విక్రమ్ సంవత్ 2083” లేదా ఊరికే “నవ వర్ష్” అని రాయడం. తెలుగు భాగంలో ఆ పేరు తప్పకుండా ఉండాలని నేను అంటాను. పేరు బాగాలేదని దాన్ని దాచేస్తే, పంచాంగం చూసే మన పెద్దవాళ్లకు అది లోపంగానే కనిపిస్తుంది.

రెండవది “అభిమాన్”. ఈ మాట దగ్గర నేను ఒకసారి బాధపడవలసి వచ్చింది గనుక కొంచెం వివరంగా చెబుతాను. ఉద్యోగంలో చేరిన తొలి రోజుల్లో, దసరాకు మా కార్యాలయం తరఫున వెళ్లే శుభాకాంక్షల పత్రాన్ని హిందీలోకి మార్చే పని నాకు అప్పగించారు. తెలుగులో “మీరు చూపుతున్న అభిమానానికి కృతజ్ఞతలు” అని ఉంది. నేను దాన్ని “ఆప్‌కే అభిమాన్ కే లిఏ ధన్యవాద్” అని రాశాను. హిందీలో అభిమాన్ అంటే అహంకారం, గర్వం. పత్రాలు పంచిన తర్వాత కాన్పూర్‌కు చెందిన ఒక సీనియర్ సహోద్యోగి నన్ను పక్కకు పిలిచి, ఎవరూ వినకుండా, నేను రాసిన వాక్యానికి “మీ పొగరుకు కృతజ్ఞతలు” అనే అర్థం వస్తుందని చెప్పారు. అప్పటికే అది చాలామంది చేతికి చేరింది. ఆ రోజునుంచి రెండు భాషల్లోనూ ఒకేలా కనిపించే ప్రతి మాటనూ హిందీ నిఘంటువులో చూడకుండా నేను వాడలేదు. మీ వాక్యంలో చెప్పదలచుకున్న భావానికి హిందీలో “స్నేహ్ ఔర్ సహయోగ్” సరిగ్గా సరిపోతుంది: “ఆప్‌కా స్నేహ్ ఔర్ సహయోగ్ బనా రహే.” ఇక్కడ స్నేహ్ అంటే ఆప్యాయత అని గుర్తుంచుకోండి, మన స్నేహానికి హిందీలో “దోస్తీ” లేదా “మిత్రతా” అంటారు.

మూడవది “సంతోష్”. ఇది అవమానం కలిగించదు గాని భావాన్ని తగ్గిస్తుంది. హిందీలో సంతోష్ అంటే ఉన్నదానితో తృప్తి పడటం. మనం పండుగకు కోరుకునే ఆనందానికి వాళ్లు “ఖుషీ”, “ఖుషియాఁ” అంటారు, దీవెనగా అయితే “సుఖ్, శాంతి ఔర్ సమృద్ధి” అంటారు. జీతాల పెంపు గురించి అందరూ ఎదురు చూసే మార్చి నెలలో, యాజమాన్యం “మీకు సంతోష్ కలగాలి” అని రాస్తే, ఉన్నదానితో సరిపెట్టుకోండి అన్నట్టు ఎవరైనా అర్థం చేసుకునే అవకాశం ఉంది. “ఆయురారోగ్య ఐశ్వర్య” అనే జంట కూడా మన దీవెనల్లో సహజంగా పలుకుతుంది గాని హిందీ శుభాకాంక్షల్లో ఆ కూర్పు వినిపించదు. దాని చోట “ఉత్తమ్ స్వాస్థ్య” చాలు.

నాలుగవది క్రియ. తెలుగులో “కలగాలని కోరుకుంటున్నాము” అని వాక్యాన్ని ముగిస్తాం. దాన్ని మనసులో పెట్టుకొని “దేనా చాహ్‌తే హైఁ” అని రాస్తే, భగవంతుడు ఇవ్వాలని అనుకుంటున్నాడు, ఇంకా ఇవ్వలేదు అన్నట్టు అవుతుంది. హిందీలో దీవెనకు ప్రత్యేకమైన క్రియారూపం ఉంది: “లాఏ”, “రహే”, “హో”, “మిలే”. “నయా వర్ష్ ఆప్‌కే జీవన్ మేఁ ఖుషియాఁ లాఏ” అంటే కొత్త సంవత్సరం మీ జీవితంలో ఆనందాలు తీసుకురావాలి అని. వెనకాల కోరుకుంటున్నాము అనే మాట అవసరం లేదు, ఆ కోరిక క్రియలోనే ఉంది. మీ చివరి వాక్యంలోని “రహనా” కూడా ఇలాగే “రహే” కావాలి. “రహనా” అంటే ఉండు అని చనువుగా చెప్పినట్టు ఉంటుంది, అది పైవాళ్లకూ కిందివాళ్లకూ కలిపి పంపే రాతలో కుదరదు.

అయిదవది చిన్నది. “ఉగాది కా” కాదు, “ఉగాది కీ”. ఆ కా, కీ అనేవి పండుగ పేరును బట్టి రావు, తర్వాత వచ్చే మాటను బట్టి వస్తాయి. “శుభకామనాఏఁ” స్త్రీలింగ బహువచనం గనుక ఏ పండుగ అయినా “కీ” అనే రాయాలి: దీపావళీ కీ, ఈద్ కీ, ఉగాది కీ. ఇక “శుభాకాంక్షాయేఁ” అనే మాట మన శుభాకాంక్షలకు హిందీ ప్రత్యయం తగిలించినది. హిందీలో ఆకాంక్షా అంటే మనిషి తన కోసం పెట్టుకునే ఆశయం. వాళ్ల వాడుక మాట “శుభకామనాఏఁ” మాత్రమే.

ఇప్పుడు లిపి సంగతి. ఇక్కడ మీరు సులభంగా చదువుకొని పలికి చూసుకోవడానికి హిందీని తెలుగు అక్షరాల్లో రాస్తున్నాను. గ్రూపులో మాత్రం హిందీ భాగం దేవనాగరి లిపిలోనే వెళ్లాలి. తెలుగు అక్షరాల్లో రాసిన హిందీని వాళ్లు చదవలేరు, మనవాళ్లు చదివినా అది వాళ్ల కోసం రాసింది కాదు. ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే ఇద్దరూ చదువుతారని కొందరు అంటారు. రోజువారీ మాటలకు అది సరే. యాజమాన్యం పేరుతో వెళ్లే పండుగ శుభాకాంక్షకు సొంత లిపి ఇవ్వడం మర్యాద అని నా అభిప్రాయం. మీ ఫోనులో Gboard ఉంటే భాషల జాబితాలో హిందీని చేర్చుకుంటే చాలు.

టైపు చేసేటప్పుడు తెలుగువాళ్లం తరచుగా చేసే తప్పు ఒకటి ఉంది. “హార్దిక్”, “నవ వర్ష్”, “పరివార్” అని తెలుగులో రాస్తే చివరి అక్షరానికి పొల్లు పెడతాం, ఎందుకంటే పెట్టకపోతే మనం “హార్దిక” అని చదువుతాం. దేవనాగరిలో ఆ పొల్లు పెట్టకూడదు. హిందీవారు చివరి అకారాన్ని రాతలో ఉంచి పలుకులో వదిలేస్తారు. కనుక తెలుగులో పొల్లుతో ఉన్న మాటను అక్కడ పూర్తి అక్షరంతో ముగించాలి. కింద కొమ్ములా కనిపించే గీత చివరి అక్షరం కింద ఉందంటే తప్పు చేశామని గుర్తు. ఇది నేను బ్యానర్లలో చాలాసార్లు దిద్దించాను. ఇంకొకటి, ఉగాదిని హిందీలో రాసేటప్పుడు చివర హ్రస్వ ఇకారమే పెట్టండి. అది అక్షరానికి ముందు వైపు కనిపించే గుర్తు.

బ్యానర్ కూడా వేయిస్తున్నట్టయితే ఒక జాగ్రత్త చెబుతాను. ఫ్లెక్సీ దుకాణాల్లో తెలుగుకు అను ఫాంట్లు, హిందీకి కృతిదేవ్ వంటి పాత ఫాంట్లు ఇంకా వాడుతుంటారు. మీరు వాట్సాప్‌లో పంపిన యూనికోడ్ అక్షరాలను అందులో అతికిస్తే ఒత్తులు, గుణింతాలు చెదిరిపోతాయి. ముద్రణకు ముందు నమూనాను బొమ్మగా తెప్పించుకొని హిందీ వచ్చిన వాళ్లకు చూపించండి.

ఇక తెలుగు భాగం. ఇది మన భాషే గదా అని చాలామంది దీన్ని తొందరగా రాసేస్తారు, తప్పు ఇక్కడా పోతుంది. తెలుగులో “మేము” వేరు, “మనము” వేరు. హిందీలో రెండింటికీ “హమ్” ఒక్కటే. “మా యూనిట్ సిబ్బందికి” అని రాస్తే యాజమాన్యం ఒక వైపు, చదివేవారు మరో వైపు నిలబడినట్టు ఉంటుంది. “మన యూనిట్‌లో పనిచేస్తున్న అందరికీ” అంటే పంపేవారు, అందుకునేవారు ఒకే చోట నిలబడతారు. కోరుకునే చోట మాత్రం “కోరుకుంటున్నాము” అని బహువచనమే ఉండాలి, ఎందుకంటే అది యాజమాన్యం మాట. అక్షరదోషాల్లో రెండు ముఖ్యమైనవి ఉన్నాయి. “శుభాకాంక్షలు” అనే మాటలో భా దీర్ఘం, “శుభకాంక్షలు” అని రాయకూడదు. “హార్దిక” అనే మాటలో ది వత్తు లేని అక్షరం, “హార్థిక” తప్పు.

మెసేజ్ పంపేవారు స్త్రీయా పురుషుడా అనేది తెలుగు వాక్యంలో కనిపించదు. హిందీలో “దేతా హూఁ”, “దేతీ హూఁ” అని కనిపిస్తుంది. ఎవరి ఫోను నుంచి వెళ్తుందో ఇప్పుడే తెలియదు గనుక క్రియతో ముగించకుండా చివర “ప్రబంధన్ కీ ఓర్ సే” అని సంతకంలా పెట్టండి. యాజమాన్యానికి హిందీలో ప్రబంధన్ అనే అంటారు. యజమాన్ అంటే అక్కడ పూజ చేయించుకునే ఇంటి పెద్ద.

దేవుడి ప్రస్తావన పెట్టాలా వద్దా అని తిరుపతిలో ప్రతి కార్యాలయంలోనూ చర్చ వస్తుంది. ఉత్తరాది నుంచి వచ్చినవారు మన స్వామిని బాలాజీ అనే పిలుస్తారు. ఆ పేరు వాళ్ల నోట సహజంగా వస్తుంది. పైగా 1843 నుంచి 1933 వరకు తిరుమల ఆలయ నిర్వహణ హాథీరాంజీ మఠం మహంతుల చేతిలో ఉంది, వాళ్లు ఉత్తరాది సంప్రదాయానికి చెందినవారు. కనుక ఈ ఊరికి హిందీ నిన్న మొన్న వచ్చింది కాదు. అయినా మీ గ్రూపు ఒక పని చోటు గ్రూపు. అందులో ముస్లింలు, క్రైస్తవులు కూడా ఉంటారు. ఈ ఏడాది ఉగాది వచ్చిన వారంలోనే రంజాన్ కూడా వస్తోంది. అందుకే నేనైతే “భగవాన్” అనే మాట తీసేసి, “నయా వర్ష్” అని కొత్త సంవత్సరాన్నే కర్తగా పెడతాను. దీవెన తగ్గదు, ఎవరూ బయట నిలబడినట్టు అనుకోరు.

అదే కారణంతో హిందీ భాగంలో ఉగాదితో పాటు చైత్ర నవరాత్రినీ చెప్పాలి. హిందీ ప్రాంతాల ఇళ్లలో ఆ రోజు జరిగే ముఖ్యమైన పని కొత్త సంవత్సరపు వేడుక కంటే కలశ స్థాపన. ఆ తొమ్మిది రోజులూ చాలామంది ఉపవాసం ఉంటారు. మామూలు ఉప్పు ముట్టరు, సైంధవ లవణమే వాడతారు. మీరు క్యాంటీన్‌లో ఉగాది పచ్చడి పంచుతున్నారంటే, అందులో ఉప్పు ఉంటుందనే సంగతి వాళ్లకు ముందే తెలియాలి. తెలియక తిని తర్వాత బాధపడటం కంటే ఒక్క వాక్యం రాయడం మంచిది.

పచ్చడి అనే మాటను అనువదించకండి. “అచార్” అంటే వాళ్లకు ఊరగాయ, “చట్నీ” అంటే నంజుకునేది. వేపపూత వేసి కలిపిన పులుసులాంటి దాన్ని గ్లాసులో ఇస్తే ఏమిటో తెలియక ఆగిపోతారు. పేరును అలాగే దేవనాగరిలో ఉంచి, అందులో ఏముంటుందో ఒక వాక్యంలో చెప్పండి: నీమ్ కే ఫూల్, నయా గుడ్, ఇమ్‌లీ, కచ్చా ఆమ్, మిర్చ్, నమక్. ఆ ఆరూ వాళ్ల ఇంట్లోనూ ఉన్నవే. తెలుగు భాగంలో ఈ వివరణ అక్కరలేదు, షడ్రుచులు అంటే చాలు. రెండు భాగాలు ఒకదానికొకటి అనువాదం కానక్కరలేదని ముందు చెప్పింది ఇందుకే. అయితే ఒక నియమం ఉంది: శుభాకాంక్షలు ఎలా ఉన్నా, సమాచారం రెండింటిలోనూ ఒకటే ఉండాలి. సమయం, చోటు, సెలవు వివరాలు ఒక భాషలో ఉండి మరో భాషలో లేకపోతే ఫిర్యాదు తప్పకుండా వస్తుంది.

ఇవన్నీ కలిపి మీ యూనిట్‌కు నేను రాసిచ్చేది ఇలా ఉంటుంది. క్యాంటీన్ సమయం నేను ఊహించి పెట్టాను, మీది మార్చుకోండి.

*ఉగాది శుభాకాంక్షలు • ఉగాది కీ హార్దిక్ శుభకామనాఏఁ*

మన యూనిట్‌లో పనిచేస్తున్న అందరికీ, మీ కుటుంబ సభ్యులకూ శ్రీ పరాభవ నామ సంవత్సర ఉగాది శుభాకాంక్షలు. ఈ కొత్త సంవత్సరంలో మీ ఇంటిల్లిపాదికీ ఆరోగ్యం, ఆనందం కలగాలని కోరుకుంటున్నాము. గురువారం ఉదయం 10.30 గంటలకు క్యాంటీన్‌లో షడ్రుచుల ఉగాది పచ్చడి ఇస్తారు. ఉపవాసం ఉన్నవారు సాయంత్రం తీసుకోవచ్చు. మన హిందీ మిత్రులు కనిపిస్తే “నవ వర్ష్ కీ శుభకామనాఏఁ” అని పలకరించండి.

హమారీ యూనిట్ కే సభీ సాథియోఁ ఔర్ ఉన్‌కే పరివార్ కో ఉగాది, చైత్ర నవరాత్రి ఔర్ విక్రమ్ సంవత్ 2083 కీ హార్దిక్ శుభకామనాఏఁ. నయా వర్ష్ ఆప్ సబ్‌కే జీవన్ మేఁ ఉత్తమ్ స్వాస్థ్య, సుఖ్ ఔర్ సమృద్ధి లాఏ. ఆప్‌కా స్నేహ్ ఔర్ సహయోగ్ బనా రహే. గురువార్ సుబహ్ 10.30 బజే కైంటీన్ మేఁ ఉగాది పచ్చడి దీ జాఏగీ. యహ్ నీమ్ కే ఫూల్, నఏ గుడ్, ఇమ్‌లీ, కచ్చే ఆమ్, మిర్చ్ ఔర్ నమక్ సే బన్‌తీ హై. జిన్‌కా వ్రత్ యా రోజా హో, వే శామ్ కో లే సక్‌తే హైఁ. తెలుగు సాథియోఁ సే కహేఁ: “ఉగాది శుభాకాంక్షలు”.

యాజమాన్యం తరఫున • ప్రబంధన్ కీ ఓర్ సే

ఇందులో చివరి వాక్యాలను గమనించండి. తెలుగు భాగంలోని హిందీ పలకరింపును తెలుగు లిపిలోనే ఉంచండి. హిందీ భాగంలోని “ఉగాది శుభాకాంక్షలు” అనే మాటను దేవనాగరిలో టైపు చేయండి. మీరు అడిగిన కలయిక ఇక్కడ జరుగుతుంది. మా కార్యాలయంలో ఈ పద్ధతి మొదలుపెట్టిన ఏడాది, జార్ఖండ్‌లోని పలాము నుంచి వచ్చిన ఒక అటెండరు పొద్దున్నే ప్రతి బల్ల దగ్గరికీ వెళ్లి, చేతిలో ఫోను పట్టుకొని, ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ “శు-భా-కాం-క్ష-లు” అని చెప్పారు. మధ్యాహ్నానికి ఫోను చూడకుండా చెప్పగలిగారు. మాటను వాక్యంలో కలిపేసి ఉంటే ఆయన దాన్ని దాటేసి చదివేవారు.

“సాథియోఁ” అనే మాటలో ఒక సూక్ష్మం ఉంది. పై వాక్యంలో “సాథియోఁ కో” అనే అర్థంలో వచ్చింది గనుక సున్న ఉంది. మీరు ఎప్పుడైనా మెసేజ్‌ను సంబోధనతో మొదలుపెడితే, అంటే “మిత్రులారా” అన్నట్టుగా పిలిస్తే, “సాథియో” అని సున్న లేకుండా రాయాలి. హిందీ వాళ్లే చాలామంది ఇక్కడ సున్న పెడతారు గాని, మీ పెద్దవాళ్లలో హిందీ చదువుకున్నవారు ఉంటే దాన్ని పట్టుకుంటారు.

మొదటి వరుసలో రెండు భాషలూ ఉండటానికి కారణం, ఫోను మీద వచ్చే నోటిఫికేషన్‌లో ముందు ఆ వరుసే కనిపిస్తుంది. అక్కడ తెలుగు ఒక్కటే ఉంటే హిందీవారు తమది కాదనుకొని తెరవకుండా వదిలేస్తారు. మొత్తం నిడివి కూడా ఇంతకంటే పెంచకండి. పెరిగితే కింద Read more వచ్చి, రెండవ భాష మొత్తం దాని వెనక్కి పోతుంది. నమూనాను అతికించాక మీ ఫోనులోనే ఒకసారి చూసి, హిందీ భాగం దాని వెనక్కి పోతుంటే వేపపూత వాక్యాన్ని విడిగా రెండవ మెసేజ్‌గా పెట్టండి. లావు అక్షరాల కోసం పెట్టే నక్షత్ర గుర్తులు మొదటి, చివరి అక్షరాలకు ఆనుకొని ఉండాలి, మధ్యలో ఖాళీ వస్తే అవి అలాగే గుర్తులుగా కనిపిస్తాయి. తెలుగు ముందు, హిందీ తర్వాత అనే వరుస మార్చకండి. ఇది ఇక్కడి పండుగ, ఇక్కడి భాష. కేంద్ర ప్రభుత్వ కార్యాలయాల నామఫలకాల మీద కూడా మన రాష్ట్రంలో తెలుగు, హిందీ, ఇంగ్లీషు అనే వరుసే పాటిస్తారు.

పంపే ముందు హిందీ భాగాన్ని ఇద్దరికి చూపించండి: ఒకరు హిందీ బాగా చదువుకున్న సూపర్‌వైజరు, మరొకరు మామూలు ఆపరేటరు. “సరిగ్గా ఉందా?” అని అడగవద్దు, మర్యాదకు ఉందనే అంటారు. “ఇందులో ఏం రాశారో మీ మాటల్లో చెప్పండి” అని అడగండి. సమయం, ఉపవాసం సంగతి అతను తిరిగి చెప్పగలిగితే సమాచారం అందినట్టు. ఎక్కడైనా ఆగి మళ్లీ చదివితే ఆ మాట మార్చాలి. తెలుగు భాగాన్ని కూడా హిందీ రాని, పెద్ద వయసు తెలుగు ఉద్యోగి ఒకరితో పైకి చదివించండి.

బుధవారం సాయంత్రం షిఫ్టు మారేటప్పుడు పంపడం మేలు. ఉగాది పొద్దున మనవాళ్లు తలంటుకొని, గుమ్మానికి మామిడాకులు కట్టి, పచ్చడి తిన్న తర్వాతే ఫోను చూస్తారు, పొద్దున్నే పెట్టిన మెసేజ్ వందల శుభాకాంక్షల కింద పడిపోతుంది. క్యాంటీన్ సమయం ముందు రోజే తెలిస్తే రాత్రి షిఫ్టు వాళ్లు కూడా ఆగి రావాలో వద్దో నిర్ణయించుకుంటారు.